40 నిమిషాలకు క్లాస్ ఎందుకు కట్ అయితుంది? ఫ్రీ ప్లాన్, పెయిడ్ ప్లాన్ అసలు లెక్క

 

మొన్న మహబూబాబాద్ నుంచి ఒక చెల్లె మెసేజ్ పెట్టింది. "అన్నా, మేం ఆన్‌లైన్‌లో ట్యూషన్ స్టార్ట్ చేసినం. సరిగ్గా లెక్క మధ్యలో ఉండగానే అందరూ బయటికి వచ్చేస్తున్నరు. నెట్ ప్రాబ్లమా? ఫోన్ మార్చాల్నా?" అని అడిగింది. లేదమ్మా, నెట్ కాదు, ఫోన్ కూడా కాదు. అది ఫ్రీ ప్లాన్ టైమ్ లిమిట్. ఆమెకు రిప్లై టైప్ చేస్తా ఉంటే అది చాలా పొడుగైపోయింది. అందుకే ఈ ఎపిసోడ్ చేస్తున్నా.

ఇంకో కారణం కూడా ఉంది. ఇదే తప్పు నేను కూడా చేసిన. నేను జనగామలో ఉంటా. ఒక ఫ్రెండ్ మహబూబాబాద్‌లో, ఇంకో ఫ్రెండ్ భూపాలపల్లిలో. మూడూ ఒకప్పటి ఉమ్మడి వరంగల్ జిల్లా ఊర్లే, 2016 అక్టోబర్‌లో వేరే వేరే జిల్లాలైనయి. జిల్లాలు వేరైనా పోటీ పరీక్షలు రాసే పిల్లల తిప్పలు ఒక్కటే. కోచింగ్ కావాలంటే హన్మకొండకో హైదరాబాద్‌కో పోయి రూమ్ తీసుకోవాలె. అందుకని మేం ముగ్గురం కలిసి సాయంత్రం 7 నుంచి 8:30 దాకా వీడియో క్లాస్ పెట్టినం. నేను అరిథ్‌మెటిక్, ఒకరు రీజనింగ్, ఒకరు కరెంట్ అఫైర్స్. జనగామ నుంచి 46 మంది, మహబూబాబాద్ నుంచి 38, భూపాలపల్లి నుంచి 27 పేర్లు వచ్చినయి. మొత్తం 111. మేం ముగ్గురం కలిపితే 114.

ఈ 114 అనే నంబర్, 90 నిమిషాలు అనే నంబర్, ఈ రెండూ జర గుర్తు పెట్టుకోండి. ఈ వీడియో మొత్తం వీటి చుట్టే తిరుగుతది.

ముందు ఫ్రీ ప్లాన్లు ఏమిస్తయో చూద్దాం. జూమ్ ఫ్రీ అకౌంట్‌లో ఒక మీటింగ్ 40 నిమిషాలు, లోపల 100 మంది వరకు ఉండొచ్చు. గూగుల్ మీట్‌లో మామూలు జీమెయిల్ అకౌంట్‌తో అయితే ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉన్నప్పుడు 60 నిమిషాలు, 100 మంది. మైక్రోసాఫ్ట్ టీమ్స్ ఫ్రీ కూడా అంతే, గ్రూప్ మీటింగ్ 60 నిమిషాలు, 100 మంది. వాట్సాప్ వీడియో కాల్‌కు ఇట్లాంటి గడియారం లేదు గానీ 32 మంది కన్నా ఎక్కువ పట్టరు. మా క్లాసుకు 32 ఏ మూలకు సరిపోతది?

ఇద్దరే మాట్లాడుకుంటే లెక్క మారుతది. మీట్‌లో ఇద్దరికి 24 గంటలు, టీమ్స్‌లో 30 గంటలు ఇస్తరు. జూమ్‌లో కూడా ఒకప్పుడు ఇద్దరు ఎంతసేపైనా మాట్లాడుకునేటోళ్లు. 2022 జులై 15 నుంచి ఇద్దరికి కూడా అదే 40 నిమిషాలు చేసిండ్రు. చాలామంది పాత వీడియోలు చూసి "ఇద్దరికైతే లిమిట్ లేదు బ్రో" అని ఇప్పటికీ చెప్తున్నరు. మాక్ ఇంటర్వ్యూ పెట్టుకునేటోళ్లకు ఇది బాగా తగుల్తది. మీట్‌లో మీరు, మీ సార్ ఇద్దరే ఉంటే ఫికర్ లేదు. "ఇంకో సార్‌ను కూడా ప్యానెల్‌లో కూర్చోబెడదాం" అని మూడో మనిషిని పిలిస్తే అది గ్రూప్ కాల్ అయిపోతది, 60 నిమిషాల రూల్ వచ్చి కూర్చుంటది.

అసలు ఈ లిమిట్లు ఎందుకు పెడ్తరు? పైసల కోసమే, అది అందరికీ తెలుసు. కానీ దాని కింద ఒక ఖర్చు ఉంది. వీడియో మీటింగ్‌లో ప్రతి ఒక్కరి కెమెరా, మైకు ముందు కంపెనీ సర్వర్‌కు పోతయి. సర్వర్ అక్కడి నుంచి మిగతా అందరి ఫోన్లకు పంపుతది. మనిషి పెరిగిన కొద్దీ వచ్చేది పెరుగుతది, పోయేది అంతకన్నా ఎక్కువ పెరుగుతది. నిమిషం నిమిషానికీ సర్వర్ పని చేస్తనే ఉండాలె. అందుకే కంపెనీలు రెండు దగ్గర్ల గేటు పెడ్తయి. ఒకటి టైమ్, ఇంకొకటి మనుషుల సంఖ్య.

టీవీకి ఈ బాధ లేదు. 2020 సెప్టెంబర్ 1న మన తెలంగాణలో సర్కారు బడి పిల్లలకు డిజిటల్ క్లాసులు మొదలైనప్పుడు అవి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో వచ్చినయి, యాదుందా? అక్కడ పాఠం ఒక వైపు నుంచే వస్తది. పది మంది చూసినా పది లక్షల మంది చూసినా "మీటింగ్ ఫుల్" అని రాదు. కానీ పిల్లగాడు చెయ్యెత్తి "సార్, అర్థం కాలే" అని చెప్పలేడు. మనం మీటింగ్ యాప్‌లో కొనుక్కునేది ఆ చెయ్యెత్తే సౌకర్యమే. ఈ టీవీ ముచ్చట మళ్లీ చివర్ల పనికొస్తది.

అదే 2020లో ఇంకో అలవాటు కూడా అయింది. ఆ ఏడాది గూగుల్ మీట్‌ను అందరికీ ఫ్రీగా ఇచ్చినప్పుడు 60 నిమిషాల రూల్ కాగితం మీద ఉంది గానీ అమలు చెయ్యలే. సెప్టెంబర్ 30 దాకా అన్నరు, తర్వాత 2021 మార్చి దాకా అన్నరు, మళ్లీ జూన్ దాకా పెంచిండ్రు. 2021 వానాకాలం వచ్చేసరికి గంట రూల్ నిజంగనే అమల్లోకి వచ్చింది. కరోనా టైమ్‌లో గంటలు గంటలు క్లాసులు విన్న మనకు "మీట్‌లో లిమిట్ లేదు" అనే మాట బుర్రలో ఉండిపోయింది. నేను కూడా అట్లనే అనుకొని మునిగిన.

ఇగ మా క్లాసుకు వద్దాం.

40 నిమిషాల ప్లాన్‌లో 90 నిమిషాల క్లాస్ నడపాలంటే మూడు మీటింగులు కావాలె. 7 గంటలకు మొదలు పెడితే 7:40కి కట్. మళ్లీ పెడితే ఇంకో కట్. కట్ అయిన ప్రతిసారి కొత్త లింక్ గ్రూపులో వెయ్యాలె, అందరూ మళ్లీ రావాలె, "సార్ వినిపిస్తుందా" అనాలె. మేం వాచీ పెట్టి చూసినం. ఒక్కో కట్‌కు దగ్గర దగ్గర 6 నిమిషాలు పోతున్నయి. రోజుకు రెండు కట్లు అంటే 12 నిమిషాలు. నెలకు 26 క్లాసులు అనుకుంటే 312 నిమిషాలు. అంటే ఐదు గంటల పన్నెండు నిమిషాలు. మాది 90 నిమిషాల క్లాస్ కదా, మూడున్నర క్లాసులు "వినిపిస్తుందా" అనుడుకే పోయినట్టు.

టైమ్ పోవుడు ఒక్కటే అయితే ఎట్లనో సర్దుకునేటోళ్లం. అసలు నష్టం వేరే ఉంది. మా క్లాసులో ఒక చెల్లె ఉంది. ఇంట్లో ఒక్కటే స్మార్ట్‌ఫోన్, తమ్ముడితో పంచుకుంటది. క్లాస్ నడుస్తున్నంత సేపు ఫోన్ ఆమె చేతిలో ఉంటది. స్క్రీన్ మీద క్లాస్ పోయిందంటే "అయిపోయింది కదా అక్కా" అని తమ్ముడు గుంజుకుంటడు. ఇగ రెండో లింక్‌కు ఆమె రాదు. సింగరేణిలో పగటి షిఫ్ట్ చేసి వచ్చి వినే ఒకన్న ఉన్నడు. కట్ అయిన ఆ గ్యాప్‌లో మంచం మీద ఒరిగిండంటే నిద్రే. ఒక రోజు మొదటి మీటింగ్‌లో 76 మంది ఉంటే మూడో మీటింగ్‌లో 49 మంది మిగిలిండ్రు. ఆ పోయిన 27 మందిలో క్లాస్ నచ్చక పోయినోళ్లు ఎవరూ లేరు, మేం ఫోన్ చేసి అడిగినం.

60 నిమిషాల యాప్‌కు మారినం. ఒక్క కట్‌తో అయిపోతది కాబట్టి జర నయం. అయినా సరిగ్గా 8 గంటలకు కట్. కరెంట్ అఫైర్స్ చెప్పే మా భూపాలపల్లి ఫ్రెండ్ టైమ్ ఎప్పుడూ అక్కడే బలైతుండె.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. గడియారం మీ పాఠం మొదలైనప్పుడు మొదలుకాదు, మీటింగ్ మొదలైనప్పుడే మొదలైతది. "పిల్లలు రానీ" అని 6:50కే ఓపెన్ చేసి కూర్చుంటే ఆ పది నిమిషాలు మీ లెక్కలోనే పోతయి. కట్ అయ్యే ముందు గుర్తులు కూడా కనిపిస్తయి. మీట్‌లో 55 నిమిషాలకు కాల్ అయిపోవస్తుందని నోటీస్ వస్తది. జూమ్‌లో హోస్ట్‌కు మిగిలిన టైమ్ చూపిస్తది. సడెన్‌గా ఒక్కరే బయట పడితే అది వాళ్ల నెట్. అందరూ ఒకేసారి పడితే, అది కూడా గుండ్రంగా 40కో 60కో పడితే, అది ప్లాన్. మహబూబాబాద్ చెల్లె క్లాస్‌లో జరిగింది ఇదే.

సరే, పైసలు పెట్టి ప్లాన్ తీసుకుందాం అనుకున్నం. ముగ్గురం మూడు మాటలు మాట్లాడినం. ఒకరు "జూమ్ ప్రో తీసుకుందాం, అన్నీ సెట్ అయితయి" అన్నరు. ఆగు అన్నా. ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తరు.

జూమ్ ప్రోలో టైమ్ 40 నిమిషాల నుంచి 30 గంటలకు పోతది. బాగుంది. కానీ మనుషులు? అదే 100. ఫ్రీలో 100, ప్రోలో కూడా 100. దాని పైన బిజినెస్ ప్లాన్ తీసుకుంటేనే 300 అయితది, లేకపోతే ప్రో మీద పెద్ద మీటింగ్ యాడ్-ఆన్ అని వేరేగా కొనాలె. గూగుల్‌లో కూడా ఇదే కథ. వర్క్‌స్పేస్ బిజినెస్ స్టార్టర్‌లో 24 గంటలు వస్తయి, మనుషులు మాత్రం 100. బిజినెస్ స్టాండర్డ్‌లో 150, బిజినెస్ ప్లస్‌లో 500. టీమ్స్ ఎసెన్షియల్స్ అనే చిన్న పెయిడ్ ప్లాన్‌లోనే 30 గంటలు, 300 మంది ఉన్నరు. అంటే మొదటి మెట్టు పెయిడ్ ప్లాన్‌లో చాలావరకు మీరు కొనేది టైమ్ మాత్రమే. మనుషుల గేటు వేరే, దాని తాళంచెవి వేరే రేటుకు అమ్ముతరు.

కాబట్టి మీరు అడగాల్సింది "పెయిడ్ తీసుకోవాల్నా వద్దా" అని కాదు. మీకు తగులుతున్నది ఏ గేటు? టైమా, మనుషులా?

మాకు రెండూ తగులుతున్నయి అనుకున్నం. 90 నిమిషాలు, 114 మంది కదా. 100 దాటినం కాబట్టి 150 ఉన్నదో 300 ఉన్నదో తీసుకోవాలె అని దాదాపు ఫిక్స్ అయిపోయినం. అప్పుడు మా రీజనింగ్ సార్ ఒక ప్రశ్న వేసిండు, రీజనింగ్ చెప్పేటోడు కదా మరి. "111 మంది పేర్లు ఇచ్చిండ్రు సరే, ఏ రోజన్నా ఒకేసారి 111 మంది లోపల ఉన్నరా?"

ఎవరికీ తెల్వదు. చూడలే.

ఒక వారం చూసినం. పెద్ద టెక్నాలజీ ఏం లేదు, 7:15కు, 7:45కు, 8:15కు స్క్రీన్ మీద పార్టిసిపెంట్స్ నంబర్ చూసి నోట్‌బుక్‌లో రాసుకునుడే. ఆరు రోజుల్లో ఏ రోజుకారోజు ఎక్కువలో ఎక్కువ ఎంతంటే 71, 76, 83, 79, 74, 68. అంటే పెద్ద నంబర్ 83. ఆ 83లో మేం ముగ్గురం కూడా ఉన్నం, ఎందుకంటే హోస్ట్ కూడా లెక్కలోకే వస్తడు. 100 అంటే 99 మంది స్టూడెంట్లు, ఒక సార్ అన్నట్టు.

ఇంకోటి కూడా దొరికింది. కొన్ని పేర్లు రెండుసార్లు ఉన్నయి. ఏందని చూస్తే, నేనే ల్యాప్‌టాప్‌లో పాఠం చెప్తా, బోర్డు చూపించనీకి ఫోన్‌తో కూడా జాయిన్ అవుతున్నా. యాప్ మనుషుల్ని లెక్కపెట్టదు, జాయిన్ అయిన డివైజ్‌లను లెక్కపెడుతది. ఒక మనిషి రెండు ఫోన్లతో వస్తే రెండు సీట్లు. అట్లనే ఉల్టా కూడా ఉంది. మహబూబాబాద్‌లో ముగ్గురు ఫ్రెండ్స్ ఒకే రూమ్‌లో ఒకే ఫోన్‌లో వింటరు, వాళ్లది ఒకటే సీటు. బస్సులో పిల్లగాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నట్టు.

అంటే మాకు రోజూ తగులుతున్నది టైమ్ గేటు ఒక్కటే. 100 సీట్లు మాకు చాలు. 150 సీట్ల ప్లాన్‌కు, 300 సీట్ల ప్లాన్‌కు ప్రతి నెలా ఎక్కువ కట్టుకుంటా ఖాళీ సీట్లకు పైసలు పోసేటోళ్లం.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. "అన్నా, 111 మంది స్టూడెంట్లకు 111 లైసెన్సులు కొనాల్నా?" వద్దు. స్టూడెంట్లు ఫ్రీ అకౌంట్‌తోనే రావొచ్చు. లిమిట్ ఎవరిని బట్టి ఉంటదంటే, మీటింగ్ ఎవరి అకౌంట్ నుంచి తయారైందో వాళ్లను బట్టి. లింక్ పుట్టిన అకౌంట్ ఫ్రీ అయితే ఫ్రీ రూల్, పెయిడ్ అయితే పెయిడ్ రూల్. లోపలికి వచ్చినోళ్లలో పది మంది పెయిడ్ అకౌంట్లు ఉన్నా ఫ్రీ లింక్ ఫ్రీ లింకే.

ఇది నోటితో చెప్తే సింపుల్‌గా ఉంది. మేం మొదటి వారంలోనే బోర్లా పడ్డం. 24 గంటలు, 100 మంది ఉన్న ప్లాన్‌లో ఒక్క లైసెన్స్ తీసుకున్నం, నా పేరు మీద. సోమవారం మంచిగ నడిచింది. మంగళవారం మొదటి పీరియడ్ రీజనింగ్. నాకు లేట్ అయితదని మా ఫ్రెండ్ తన జీమెయిల్ నుంచి ఒక లింక్ చేసి గ్రూపులో వేసిండు. నేను పెయిడ్ అకౌంట్‌తో జాయిన్ అయిన. "పెయిడ్ ఉన్నడు కదా, ఇగ ఫికర్ లేదు" అనుకున్నం. సరిగ్గా 8 గంటలకు అందరం బయట. నేను కంపెనీని తిట్టుకుంట కస్టమర్ కేర్‌కు మెయిల్ కూడా రాయబోయిన. తర్వాత లింక్ ఎవరిదో చూసుకుంటే నవ్వొచ్చింది. తప్పు వాళ్లది కాదు, మాదే.

ఆ రోజు నుంచి రూల్ పెట్టుకున్నం. నెల మొత్తానికి లింకులు పెయిడ్ అకౌంట్ నుంచే ముందుగాల షెడ్యూల్ చేసి పెడ్తం, మిగతా ఇద్దరినీ కో-హోస్ట్ చేస్తం. గ్రూపు డిస్క్రిప్షన్‌లో అదే లింక్ ఉంటది, ఇంకెవరూ కొత్త లింక్ వెయ్యరు. మీ అకౌంట్ ఏదో డౌట్ ఉంటే చూసుకోండి. జూమ్‌లో అయితే వెబ్‌సైట్‌లో లాగిన్ అయి ప్రొఫైల్ పేజీ తెరిస్తే మీ పేరు దగ్గర Basic అని ఉంటదో Licensed అని ఉంటదో కనిపిస్తది. Basic అని ఉందంటే 40 నిమిషాలే, ఫోన్‌లో ఎన్నిసార్లు అప్‌డేట్ కొట్టినా అంతే.

ఒక్క లైసెన్స్‌ను ముగ్గురు సార్లు పాస్‌వర్డ్ ఇచ్చిపుచ్చుకొని వాడుకోవచ్చు కదా అని ఒకాయన కామెంట్ పెట్టిండు. పని ఎక్కడ ఆగుతదో చెప్తా. జూమ్ ఫ్రీ, ప్రో అకౌంట్లతో ఒక టైమ్‌లో ఒక్క మీటింగే హోస్ట్ చెయ్యొచ్చు. 7 గంటలకు జనగామలో ఒక బ్యాచ్, అదే 7 గంటలకు భూపాలపల్లిలో ఇంకో బ్యాచ్ ఒకే అకౌంట్‌తో నడపాలంటే కుదరదు, రెండోది మొదలు పెడితే మొదటిది ఆపమంటది. పైగా కొత్త ఫోన్‌లో లాగిన్ అయితే ఓటీపీ ఇంకొకరి ఫోన్‌కు పోతది. క్లాస్ టైమ్‌కు "అన్నా ఓటీపీ చెప్పవా" అని ఫోన్లు, పాస్‌వర్డ్ ఊరంతా తెలుసుడు. మావి ఒకదాని తర్వాత ఒకటి నడిచే పీరియడ్లు, అందుకే ఒక్క లైసెన్స్ సరిపోయింది. మీవి ఒకే టైమ్‌కు నడిచే బ్యాచ్‌లు అయితే ఎన్ని బ్యాచ్‌లు ఒకేసారి నడుస్తయో అన్ని హోస్ట్ లైసెన్సులు లెక్క పెట్టుకోండి. స్టూడెంట్ల తల లెక్క కాదు.

రేట్ల గురించి నేను ఇక్కడ నంబర్ చెప్తలేను. వీడియో మీరు ఆరు నెలల తర్వాత చూస్తే ఆ నంబర్ మారి ఉంటది, నన్నే తిడ్తరు. కంపెనీ సైట్‌లోనే చూడండి. చూసేటప్పుడు ఒక్క విషయం. పెద్ద అక్షరాల్లో కనిపించే నెల రేటు చాలాసార్లు ఏడాదికి ఒకేసారి ఒప్పుకుంటే వచ్చే రేటు. నెలనెలా కట్టాలంటే దానికన్నా ఎక్కువ ఉంటది. దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతది. ఎగ్జామ్ మూడు నెలల్లో ఉందంటే మూడు నెలలు ఎక్కువ రేటుకు కట్టి ఆపేసుడే నయం. తక్కువ రేటు అని ఏడాదికి ఇరుక్కుంటే ఎగ్జామ్ అయినంక తొమ్మిది నెలలు ఊరికే కట్టాలె. మేం నెలనెలా తీసుకున్నం. 111 మందికి పంచితే ఒక్కొక్కరికి చాయ్ పైసలు కూడా కాలే.

పెయిడ్ అనగానే రికార్డింగ్ కూడా వస్తదనుకోకండి. బిజినెస్ స్టార్టర్‌లో మీట్ రికార్డింగ్ లేదు, స్టాండర్డ్ నుంచి ఉంది. జూమ్‌లో అయితే ఉల్టా, ఫ్రీలో కూడా కంప్యూటర్‌లో రికార్డ్ చేసుకోవచ్చు. ఫోన్ నుంచి రికార్డ్ చెయ్యాలంటే క్లౌడ్ కావాలె, అది పెయిడ్‌లోనే. ఫోన్ మీదనే క్లాస్ నడిపే సార్లు ఇది ముందే చూసుకోవాలె.

ఇప్పుడు చివరి చిక్కు. రోజూ 83 దాటదు, బాగుంది. కానీ నెలకు ఒక రోజు మాక్ టెస్ట్ పెడ్తం, మరునాడు దాని ఆన్సర్లు చెప్తం. ఆ రోజు ఎవ్వరూ మిస్ కారు. మొదటిసారి అట్ల చేసినప్పుడు 7:10కి 100 నిండిపోయింది. తర్వాత వచ్చినోళ్లకు మీటింగ్ నిండిపోయిందని మెసేజ్. లోపల ఉన్న మాకు ఏం తెల్వదు, అంతా మంచిగనే కనిపిస్తది. బయట ఉన్నోళ్లు గ్రూపులో స్క్రీన్‌షాట్లు పెడ్తనే ఉన్నరు, మేం పాఠంలో ఉండి చూడలే. ఇది జర మనసుకు కష్టమైంది. ఎవరు బయట పడ్డరో తెలుసా? లేట్‌గా వచ్చినోళ్లు. లేట్‌గా ఎవరొస్తరు? షిఫ్ట్ దిగొచ్చేటోళ్లు, పొలం నుంచి వచ్చేటోళ్లు, వంట అయినంక ఫోన్ దొరికే ఆడపిల్లలు. సీట్ల లిమిట్ ముందొచ్చినోళ్లకు సీటిస్తది, అవసరం ఉన్నోళ్లకు కాదు.

నెలకు ఒక్క రోజు కోసం 150 సీట్ల ప్లాన్ కొనాల్నా? మేం కొనలే. ఆ ఒక్క రోజు యూట్యూబ్ లైవ్ పెడ్తున్నం, ప్రైవసీ Unlisted అని పెట్టి. లింక్ ఉన్నోళ్లకే కనిపిస్తది. ఇందాక చెప్పిన టీవీ ముచ్చట ఇదే. పాఠం ఒక వైపు నుంచే పోతది కాబట్టి 100 గేటు లేదు, గంట గేటు లేదు. ఆన్సర్లు చెప్పే రోజు చెయ్యెత్తే పని తక్కువ, డౌట్లు చాట్‌లో రాస్తరు. కాకపోతే మీ మాట వాళ్లకు కొన్ని సెకన్లు లేట్‌గా పోతది. "అర్థమైందా?" అని అడిగి జవాబు కోసం ఆగితే మీకు ఎవరూ పలకనట్టు అనిపిస్తది, కంగారు పడొద్దు, వస్తది. ముందు రోజే రెడీ చేసుకోండి. ఛానెల్‌లో మొదటిసారి లైవ్ ఆన్ చేస్తే అది యాక్టివ్ కావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. ఫోన్ యాప్ నుంచి లైవ్ పెట్టాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలె. మా 111 మందికి చెప్తే ఒక్క పూటలో 50 దాటినయి.

లైవ్ అయినంక డౌట్లు మిగిలినోళ్లను ఇరవై ముప్పై మందిని వాట్సాప్ వీడియో కాల్‌లోకి తీసుకుంటం. 32 మంది పడ్తరు కదా, టైమ్ అడిగేటోడు లేడు.

మీ కాలేజీ పెడుతున్న క్లాసులైతే ఇంకో దారి ఉంది. గూగుల్ వర్క్‌స్పేస్ ఫర్ ఎడ్యుకేషన్ ఫండమెంటల్స్ అని, అర్హత ఉన్న విద్యా సంస్థలకు ఫ్రీగా ఇస్తరు. అందులో 100 మంది ఉంటరు గానీ గంట రూల్ లేదు. అప్లై చెయ్యాల్సింది సంస్థ, మనలాంటి ముగ్గురు ఫ్రెండ్స్ పెట్టుకున్న ట్యూషన్‌కు ఇయ్యరు. మీ ప్రిన్సిపాల్ సార్‌కో మేడమ్‌కో ఒకసారి చెప్పి చూడండి. కాలేజీ పేరుతో మెయిల్ ఐడీలు ఉండి కూడా లెక్చరర్లు సొంత జీమెయిల్ నుంచి లింక్ చేసి గంటకోసారి కట్ అయితున్న కాలేజీలు ఉన్నయి. మళ్లీ అదే సంగతి, లింక్ ఎవరి అకౌంట్ నుంచి పుట్టిందన్నదే.

మహబూబాబాద్ చెల్లె, నీ లెక్క నేను చూసిన. నువ్వు రాసినదాని ప్రకారం నీ దగ్గర 24 మంది పిల్లలు, 55 నిమిషాల క్లాస్. నీకు పెయిడ్ వద్దు. 40 నిమిషాల యాప్ నుంచి 60 నిమిషాల దానికి మారు, సరిగ్గా టైమ్‌కే ఓపెన్ చెయ్, పది నిమిషాల ముందు కాదు. 55 నిమిషాల దగ్గర నోటీస్ వస్తది, అదే నీ బెల్లు అనుకో. క్లాస్ 75 నిమిషాలకు పెంచుతా అన్నవు కదా, ఆ రోజు వచ్చినప్పుడు ఒక్క హోస్ట్ లైసెన్స్ గురించి ఆలోచించు.

మీ క్లాసులో ఎంతమంది, ఎన్ని నిమిషాలు, ఒకేసారి లోపల ఎక్కువలో ఎక్కువ ఎంతమంది ఉంటున్నరు, ఈ మూడు నంబర్లు కామెంట్‌లో రాయండి. మూడోది ఊహించి రాయకండి, ఒక వారం చూసి రాయండి. నేను రిప్లై ఇస్తా. ఇగ ఉంటా, 7 గంటలకు నాకు క్లాసుంది.